నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ

హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, కియా సైరోస్, టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, మారుతి డిజైర్, స్కోడా కైలాక్. ఈ ఏడు కార్లను అయిదు కంపెనీలు తయారు చేస్తున్నాయి. దేని ముఖం దానిది, దేని నడక దానిది. డిజైర్‌కు వెనక డిక్కీ ఉంటుంది, నెక్సాన్ ఎత్తుగా ఉంటుంది, సైరోస్ పెట్టెలా నిటారుగా ఉంటుంది. కానీ ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా టేపు పెట్టి కొలవండి. ఏడింటి పొడవూ 3995 మిల్లీమీటర్లే. పోటీ కంపెనీల ఇంజనీర్లు ఎవరికి వారు గీసుకున్న బొమ్మలు మిల్లీమీటరు తేడా లేకుండా ఒకే కొలతకు రావడం కాకతాళీయం కాదు. మనిషి కూర్చునే తీరుకో, మన రోడ్లకో, మన ఇళ్ల ముందు జాగాకో ఆ కొలతతో సంబంధం లేదు. మన పన్ను నిబంధనల్లో 4000 మిల్లీమీటర్ల దగ్గర ఒక గీత ఉంది. ఆ గీతకు ఇవతల ఉన్నది చిన్న కారు, అవతల ఉన్నది పెద్ద కారు. తయారీలో వచ్చే చిన్నచిన్న తేడాలకు అయిదు మిల్లీమీటర్లు వదిలిపెట్టి, మిగిలినదంతా కంపెనీలు వాడుకున్నాయి. చిన్న కార్లను ప్రోత్సహించాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ గీత గీశారు. అయితే దాన్ని గీసిన పద్ధతి వల్ల అది నిజంగా చిన్నవైన కార్లను పెంచడం మానేసి, సరిగ్గా గీత దాకా వచ్చి ఆగే కార్లను పెంచుతోంది. కొనేవాడు తన ఇష్టప్రకారం ఎంచుకున్నాననుకుంటాడు. అతని ముందుకు ఏయే కార్లు రావాలో పన్ను అంతకుముందే నిర్ణయించేసింది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఈ గీత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2006 ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం కేంద్ర బడ్జెట్ ప్రవేశపెడుతూ, చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. తగ్గించాలంటే చిన్న కారు అంటే ఏమిటో చెప్పాలి కదా. పొడవు 4000 మిల్లీమీటర్లు మించకూడదన్నారు. ఇంజన్ పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ మించకూడదన్నారు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా రాయితీ లేదు. సీసీ అంటే ఇంజన్‌లోని సిలిండర్లలో పిస్టన్లు పైకీ కిందికీ ఆడే ఖాళీ మొత్తం ఎన్ని ఘన సెంటీమీటర్లో చెప్పే లెక్క. దేశాన్ని చిన్న కార్ల తయారీ కేంద్రంగా మార్చాలన్నది ఆనాటి ఆలోచన. చిన్న కారు పెట్రోలు తక్కువ తాగుతుంది, రోడ్డు మీద తక్కువ జాగా తీసుకుంటుంది, మధ్యతరగతికి అందుబాటులో ఉంటుంది. ఈ మూడు కారణాల్లో ఒక్కటీ తప్పుపట్టవలసింది కాదు. ఆనాడు గీతకు ఇటూ అటూ ఉన్న తేడా 8 శాతం.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, రేట్లు ఎన్నోసార్లు మారాయి, చివరకు ఎక్సైజ్ సుంకమే పోయి 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. గీత మాత్రం కదలలేదు. జీఎస్టీలో కార్లన్నిటికీ 28 శాతం పన్ను పెట్టి, దాని మీద సైజును బట్టి పరిహార సెస్సు వేశారు. కొద్ది నెలల్లో స్థిరపడిన రేట్ల ప్రకారం చిన్న పెట్రోలు కారు మీద మొత్తం 29 శాతం, చిన్న డీజిల్ కారు మీద 31, మధ్య తరహా కారు మీద 45, ఇంజన్ 1500 సీసీ దాటితే 48, అది ఎస్‌యూవీ కూడా అయితే 50 శాతం పడేది. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ మండలి ఈ మెట్లన్నీ తీసేసి రెండే ఉంచింది. ఆ నెల 22 నుంచి చిన్న కారుకు 18 శాతం, మిగతా పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. సెస్సు లేదు. ధరలు తగ్గాయి కాబట్టి అందరూ సంతోషించారు. ఒక సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. 2006లో 8 శాతంగా మొదలైన తేడా ఇప్పుడు 22 శాతమైంది. మెట్ల సంఖ్య తగ్గింది, మిగిలిన ఒక్క మెట్టు ఎత్తు పెరిగింది.

ఆ ఎత్తు ఎంతో తెలియాలంటే దూరం వెళ్లనక్కర్లేదు, మన రాయలసీమలోనే ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, 2019లో అక్కడి నుంచి మొదటి కారు సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది సోనెట్ వచ్చింది. అప్పటి సెల్టోస్ పొడవు 4315 మిల్లీమీటర్లు, సోనెట్ పొడవు 3995. తేడా 32 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద నాలుగు వేళ్లు. రెండింటి డీజిల్ రకాల్లోనూ ఉన్నది 1493 సీసీ ఇంజనే. ఒకే ఊరు, ఒకే కర్మాగారం, ఒకే ఇంజన్. పన్ను వేయకముందు ఎనిమిది లక్షలు పలికే కారు ఒకటి ఉందనుకుందాం. అది గీతకు ఇవతల ఉంటే 18 శాతం కలిపి షోరూం ధర 9 లక్షల 44 వేలు. అదే కారుకు బంపర్ కాస్త ముందుకొచ్చి గీత దాటిందనుకోండి, 40 శాతం కలిపి 11 లక్షల 20 వేలు. గీత దాటిన మొదటి మిల్లీమీటరు ఖరీదు లక్షా 76 వేల రూపాయలు. ఆ తర్వాత ఎన్ని మిల్లీమీటర్లు పెంచుకున్నా అదనపు పన్ను రేటు లేదు. 2025 సెప్టెంబరుకు ముందు, డీజిల్ కారుకు 31, 45 శాతం ఉన్న రోజుల్లో, ఇదే లెక్కలో తేడా లక్షా 12 వేలు ఉండేది. రెండు ధరలూ తగ్గాయి, మధ్య అగాధం మాత్రం పెరిగింది. షోరూం ధర మీద లెక్కగట్టే లైఫ్ ట్యాక్స్ దీనికి అదనం. మన రాష్ట్రాల్లో ధర పెరిగేకొద్దీ ఆ పన్ను శాతమూ పెరుగుతుంది కనుక, జీఎస్టీ తేడా ఆర్టీఓ ఆఫీసులో ఇంకాస్త బరువెక్కుతుంది.

లక్షా 76 వేలు ఇవతలా అవతలా ఊగే చోట ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? కారును కోస్తుంది. మారుతి డిజైర్ కథ ఇందుకు మంచి సాక్ష్యం. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ కారుకు వెనక డిక్కీ తగిలించి సెడాన్‌గా చేశారు. ఆ డిక్కీలో 440 లీటర్ల జాగా ఉండేది. 2012లో వచ్చిన రెండో డిజైర్‌ను 3995కు కుదించారు. అప్పటి స్విఫ్ట్ పొడవు 3850. అంటే డిక్కీ కోసం అదనంగా దొరికింది 145 మిల్లీమీటర్లు, జానెడు కూడా కాదు. జాగా 440 నుంచి 316 లీటర్లకు పడిపోయింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని తగ్గిస్తే కూర్చున్నవాళ్ల మోకాళ్లు ఇరుకవుతాయి కాబట్టి దాన్ని తగ్గించలేదు. కోత అంతా పెట్టెలు పెట్టుకునే చోట పడింది. సెడాన్ కొనడానికి అసలు కారణమే డిక్కీ. ఆ డిక్కీనే పన్ను కోసం నాలుగో వంతుకు పైగా వదులుకున్నారు. అయినా కారు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఇంజన్ గీత కూడా ఇలాగే పనిచేసింది. మొదట్లో స్విఫ్ట్ పెట్రోలు ఇంజన్ 1298 సీసీ. పొడవులో చిన్న కారే అయినా ఇంజన్ వల్ల పెద్ద కారు పన్ను కట్టేది. 2010లో 1197 సీసీ ఇంజన్ పెట్టగానే గీత లోపలికి వచ్చేసింది. ఆ ఏడాది వచ్చిన పొగ నిబంధనలు కూడా ఇంజన్ మార్చడానికి ఒక కారణమే. కానీ కొత్త ఇంజన్ 1200కు మూడు సీసీలు తక్కువగా ఉండడానికి కారణం పొగ కాదు. చెన్నై దాటితే శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ కర్మాగారం ఉంది. 2014లో వచ్చిన ఐ20 ఐరోపాలో 4035 మిల్లీమీటర్ల కారు, అదే తరం కారు మన దేశంలో 3985. అక్కడివాళ్లకు అక్కర్లేని కోత మనకు అవసరమైంది.

ఇక్కడి దాకా విన్నవారికి ఒక సందేహం రావాలి. పెద్ద కార్లు చిన్నవయ్యాయంటే నిబంధన నెగ్గినట్టే కదా? 4160 నుంచి 3995కు దిగడం ప్రభుత్వం కోరుకున్నదే కదా? సగం నిజమే. గీత పై నుంచి కిందికి లాగుతుంది. కింది నుంచి పైకి కూడా లాగుతుంది, ఆ రెండో లాగుడు మన కంటికి అంతగా ఆనదు. 2006 నాటికి దేశంలో ఇంటింటి కారు మారుతి 800. దాని పొడవు 3335 మిల్లీమీటర్లు. ఆల్టో మూడున్నర మీటర్లు. అంటే అప్పటికి జనం నిజంగా కొంటున్న చిన్న కార్లు గీతకు చాలా కింద ఉండేవి. మూడున్నర మీటర్ల కారుకూ 18 శాతమే, 3995 కారుకూ 18 శాతమే. ఇంకా చిన్నగా ఉన్నందుకు పన్ను లెక్కలో ఏ లాభమూ లేనప్పుడు, ఉన్న జాగా అంతా వాడుకోకపోతే కంపెనీకే నష్టం. నాలుగు మీటర్లు ఒకప్పుడు మించకూడని హద్దు, ఇప్పుడు చేరుకోవలసిన గమ్యం. పైగా మన నిబంధన పొడవునే కొలుస్తుంది, వెడల్పునూ ఎత్తునూ బరువునూ వదిలేస్తుంది. కాబట్టి కారు ముందుకు పెరగలేక పక్కకూ పైకీ పెరిగింది. సోనెట్ వెడల్పు 1790 మిల్లీమీటర్లు, రెండో డిజైర్ వెడల్పు 1695. పొడవులో కవలలు, వెడల్పులో దాదాపు పది సెంటీమీటర్ల తేడా. ఇరుకు సందులో ఎదురుపడే రెండు కార్లకు అడ్డం వచ్చేది వెడల్పే. దాన్ని నిబంధన పట్టించుకోదు.

జపాన్ ఈ పని మనకంటే చాలా ముందు మొదలుపెట్టింది. అక్కడ కేయి కార్లని ఒక తరగతి ఉంది. వాటికి పన్ను తక్కువ, కొన్నిచోట్ల పార్కింగ్ నిబంధనలూ తేలిక. 1998 నుంచి అమల్లో ఉన్న హద్దుల ప్రకారం పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, ఇంజన్ 660 సీసీ మించకూడదు. ఇంజన్ శక్తి 64 హార్స్‌పవర్ దాటకూడదని కంపెనీలే తమలో తాము ఒప్పుకున్నాయి. ఫలితం మనకు తెలిసినదే. హోండా ఎన్-బాక్స్ పొడవు 3395, వెడల్పు 1475. సుజుకి వ్యాగన్ ఆర్ పొడవు 3395, వెడల్పు 1475. అక్కడా హద్దుకు అయిదు మిల్లీమీటర్ల ఇవతలే ఆగారు. గీత ఎక్కడ గీస్తే అక్కడ కార్లు గుమిగూడడం ఏ ఒక్క దేశపు అలవాటో కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. జపాన్ ఒక్క విషయంలో మనకంటే జాగ్రత్తపడింది. పొడవుతో పాటు వెడల్పునూ ఎత్తునూ కట్టేసింది కాబట్టి అక్కడి చిన్న కారు నిజంగానే చిన్నదిగా మిగిలింది. మనం ఒక తలుపు మూసి మిగతావి తెరిచిపెట్టాం.

సీసీ సంగతి ఇంకా విచిత్రం. సీసీ ఎక్కువుంటే ఇంధనం ఎక్కువ తాగుతుందన్నది పాత ఇంజన్ల రోజుల్లో చాలావరకు సరైన లెక్క. టర్బోచార్జర్ వచ్చాక ఆ లెక్క చెదిరిపోయింది. సిలిండర్‌లోకి గాలిని ఒత్తిడితో తోస్తే చిన్న ఇంజన్ కూడా పెద్ద శక్తి ఇస్తుంది. సోనెట్‌లో ఉన్న 998 సీసీ టర్బో పెట్రోలు ఇంజన్ 120 హార్స్‌పవర్ ఇస్తుంది. బ్రెజాలో ఉన్న 1462 సీసీ మామూలు పెట్రోలు ఇంజన్ ఇచ్చేది 103. రెండు కార్ల పొడవూ 3995. ఎక్కువ శక్తి ఉన్నది చిన్న కారై 18 శాతం కడుతోంది, తక్కువ శక్తి ఉన్నది పెద్ద కారై 40 శాతం కడుతోంది. రోడ్డు మీద నిజంగా ఖర్చయ్యే ఇంధనం, బయటికొచ్చే పొగ, ఈ రెండూ బరువు మీద, గేర్ల మీద, నడిపే తీరు మీద ఆధారపడతాయి. సిలిండర్ కొలత వాటికి బదులుగా పెట్టుకున్న గుర్తు మాత్రమే. ఆ గుర్తు ఇప్పుడు అసలు విషయానికి దూరమైపోయింది.

బ్రెజా పేరు రాగానే ఎదుటివారు గట్టి అభ్యంతరం చెప్పవచ్చు. 2020 నుంచి బ్రెజాకు పెట్రోలు ఇంజన్ 1462 సీసీ. పన్ను రాయితీ లేదు. అయినా జనం ఎగబడి కొంటున్నారు. మరోవైపు 2012లో మహీంద్రా క్వాంటో వచ్చింది. నాలుగున్నర మీటర్ల జైలో కారును 3985కు నరికి, 1493 సీసీ డీజిల్ ఇంజన్ పెట్టారు. రాయితీ పూర్తిగా దక్కింది, కారు మాత్రం నిలబడలేదు. కాబట్టి కొనేవాడు పన్నును చూసి కాదు, కారును చూసి కొంటున్నాడని వాదించవచ్చు. ఈ అభ్యంతరంలో బలముంది. పన్ను తగ్గినంత మాత్రాన వికారమైన కారు అమ్ముడుపోదు, పన్ను పెరిగినంత మాత్రాన మంచి కారు మూలనపడదు. కానీ నేను చెబుతున్నది పన్ను ఒక్కటే అమ్మకాలను నిర్ణయిస్తుందని కాదు. షోరూంలో ఏ సైజు కార్లు ఉండాలో, ఏ సైజు కార్లు ఉండకూడదో పన్ను నిర్ణయిస్తుందని. 4050 నుంచి 4160 మిల్లీమీటర్ల మధ్య, మొదటి డిజైర్ ఉన్న చోట, ఈ రోజు కొత్తగా కారు గీద్దామని ఎవరు సాహసిస్తారు? పది సెంటీమీటర్ల డిక్కీ కోసం లక్షన్నర అదనంగా ఇమ్మని కొనేవాణ్ని ఎవరూ ఒప్పించలేరు. దాటాక ఎంత దాటినా అదే పన్ను కాబట్టి, దాటేవాళ్లు 4200, 4300 దాకా వెళ్లిపోతున్నారు. మధ్యలో ఖాళీ మిగిలింది. లేని కారును వద్దనే అవకాశం కొనేవాడికి లేదు.

గీత లేకపోతే ఏమవుతుందో చూడడానికి మనకు ఒక అవకాశం కూడా దొరికింది. విద్యుత్ కార్లకు పొడవుతో నిమిత్తం లేకుండా 5 శాతమే పన్ను. సిలిండర్లు లేవు కాబట్టి సీసీ లెక్కా లేదు. అక్కడ ఎంజీ కామెట్ మూడు మీటర్లకు లోపే ఉంది. ఎంజీ విండ్సర్ 4295 మిల్లీమీటర్లు. పెట్రోలు కారు ఒంటికే బ్యాటరీ అమర్చిన నెక్సాన్ లాంటివి పాత కొలతతోనే ఉన్నాయి. విద్యుత్ కోసమే గీసిన బండ్లు మాత్రం చిన్నవి మరీ చిన్నగా, పెద్దవి తీరిగ్గా పెద్దగా, ఎవరి అవసరానికి తగ్గట్టు వారికి వచ్చాయి. ఎవరూ అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఊపిరి బిగపట్టుకోలేదు. బ్యాటరీ పట్టే జాగా కూడా పొడవును నిర్ణయిస్తుందన్న మాట నిజం. అయినా మూడు మీటర్ల లోపు నుంచి 4295 మిల్లీమీటర్ల దాకా కార్లు పరుచుకోవడం గీత లేకపోవడం వల్లే సాధ్యపడింది.

ఇంకో అభ్యంతరం న్యాయం గురించి. పెద్ద కారు కొనేవాడు డబ్బున్నవాడు, ఎక్కువ కడితే తప్పేముంది? తప్పేమీ లేదు, పొడవు డబ్బుకు సరైన గుర్తయితే. మారుతి ఎర్టిగాను తీసుకోండి. పొడవు దాదాపు 4400, ఇంజన్ 1462 సీసీ, సీట్లు ఏడు. ధర పది లక్షల లోపే మొదలవుతుంది. తిరుమల వచ్చే కుటుంబాలను స్టేషన్ నుంచి ఎక్కించుకునే టాక్సీల్లో, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఉండే ఇళ్ల ముందు కనిపించే బండి అది. దాని మీద 40 శాతం పన్ను. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద తెర అన్నీ పెట్టిన 3995 మిల్లీమీటర్ల ఎస్‌యూవీ పద్నాలుగు లక్షలు పలికినా దానికి 18 శాతం. ఎక్కువ మందిని మోసే చౌక బండి ఎక్కువ శాతం కడుతోంది, తక్కువ మందిని మోసే ఖరీదైన బండి తక్కువ శాతం కడుతోంది. దీనికి కంపెనీలు కనిపెట్టిన ఉపాయం రెనో ట్రైబర్. చెన్నై పక్కన ఒరగడంలో తయారయ్యే ఈ కారు నాలుగు మీటర్ల లోపే, 999 సీసీ ఇంజన్‌తో ఏడు సీట్లు ఇరికించింది. తెలివైన పనే. కాకపోతే ఏడుగురూ కూర్చుంటే వెనక మిగిలేది 84 లీటర్ల జాగా, రెండు చేతిసంచులకు మించదు. ఎర్టిగాలో ఏడుగురు కూర్చున్నాక కూడా 209 లీటర్లు ఉంటుంది. ఆ జాగా ఇరుకు కావడానికి ఇంజనీరు కారణం కాదు, గీత కారణం.

పన్ను అధికారులు చెప్పే అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మిల్లీమీటర్లూ సీసీలూ ఎవరైనా కొలవగలరు, వాటి మీద తగాదా రాదు. శాతాలు సాఫీగా పెంచుకుంటూ పోతే లెక్క చిక్కవుతుంది. ఇందులో మొదటి మాట నిజం. కానీ సులువు అనుకున్నదీ అంత సులువుగా లేదు. ఎస్‌యూవీ అంటే ఏమిటన్న ప్రశ్న ఏళ్ల తరబడి నానింది. పొడవు 4000 దాటాలి, ఇంజన్ 1500 సీసీ దాటాలి, నేలకూ కారు అడుగుకూ మధ్య 170 మిల్లీమీటర్లు ఉండాలి, పైగా జనం వాడుకలో ఎస్‌యూవీ అనిపించుకోవాలన్నారు. ఈ చివరి షరతు ఎలా కొలవాలి? 2023 జూలైలో మండలి ఆ షరతును తీసేసి, నేలకూ అడుగుకూ మధ్య దూరాన్ని ఖాళీ బండి మీద కొలవాలని స్పష్టం చేయవలసి వచ్చింది. తరగతి మారితే పొడవు లెక్కే మాయమవుతుంది కూడా. శ్రీహరికోటకు దగ్గర్లో, శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యే డి-మ్యాక్స్ పికప్ అయిదు మీటర్లు దాటుతుంది. సరుకు బండి కాబట్టి దానికి 18 శాతం. అక్కడే తయారయ్యే ఎంయూ-ఎక్స్ దానికంటే పొట్టి. మనుషుల బండి కాబట్టి 40 శాతం. సరుకు రవాణాకు రాయితీ ఇవ్వడం సబబే. కాకపోతే పొడవు ఒక్కటే కొలతగా సరిపోదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు దీని అర్థం.

మరి ఏం చేయాలి? పొడవును కొలవడం మానక్కర్లేదు, మెట్టును వాలుగా మారిస్తే చాలు. ఒక లెక్క చూపిస్తాను, దీన్ని నమూనాగా మాత్రమే తీసుకోండి. 3600 మిల్లీమీటర్ల దాకా 18 శాతం ఉంచి, అక్కడి నుంచి ప్రతి పది సెంటీమీటర్లకూ 2 శాతం చొప్పున పెంచితే 4700 దగ్గర 40కి చేరుతుంది. 3995 కారు దాదాపు 26 శాతం కడుతుంది, 4315 కారు 32, ఎర్టిగా 34. ఇందులో ఎక్కడా అగాధం లేదు. ఎనిమిది లక్షల కారుకు నాలుగు సెంటీమీటర్లు పెంచుకుంటే పడే అదనపు పన్ను 6,400 రూపాయలు. ఆ నాలుగు సెంటీమీటర్ల డిక్కీ అంత విలువ చేస్తుందో లేదో అప్పుడు కొనేవాడే తేల్చుకుంటాడు. మూడున్నర మీటర్ల కారు తయారుచేసినవాడికి నిజమైన లాభం ఉంటుంది. లెక్క చిక్కన్న భయం కూడా అక్కర్లేదు. ప్రతి మోడల్‌కూ అమ్మకానికి ముందే పుణె, మానేసర్, ఒరగడం లాంటి చోట్ల ఉన్న ప్రభుత్వ గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రాలు కొలతలతో ధ్రువపత్రం ఇస్తాయి. శాతాన్ని మోడల్‌కు ఒక్కసారి లెక్కగడితే చాలు, ప్రతి బిల్లుకూ గట్టక్కర్లేదు. పొడవుకు బదులు కిలోమీటరుకు వెలువడే బొగ్గుపులుసు వాయువునే కొలవమని కొందరంటారు. కొలవవలసిన అసలు విషయం అదే, బ్రిటన్ 2001 నుంచి రోడ్డు పన్నులో ఆ దారే పట్టింది. అయితే ప్రయోగశాల అంకెలను తారుమారు చేయవచ్చని 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం చూపించింది. బంపర్‌ను ఎవరూ దాచలేరు. అందుకే పొడవును పూర్తిగా వదలకుండా, సీసీ స్థానంలో ఇంధన వినియోగాన్ని పెట్టడం మధ్యేమార్గం.

వాలు పెట్టినా నష్టపోయేవారు ఉంటారు. 18 శాతం దగ్గర హాయిగా ఉన్న 3995 కార్లన్నీ 26కు వెళితే వాటి కంపెనీలు ఊరుకోవు, కొనేవారికీ కోపం వస్తుంది. మొదలయ్యే శాతాన్ని ఇంకా తగ్గించి, ఖజానాకు నష్టం లేకుండా పై కొసను సరిచేయవలసి ఉంటుంది. అది బేరసారాల విషయం, ఒక్క సమావేశంలో తేలేది కాదు. అంతదాకా కారు కొనబోయేవారు ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. కారు షోరూం ధరను, గీతకు ఇవతల ఉన్నదైతే 1.18తోనూ, అవతల ఉన్నదైతే 1.40తోనూ భాగించండి. వచ్చేది పన్ను లేని ధర. 11 లక్షల 80 వేల చిన్న కారుకూ, 14 లక్షల పెద్ద కారుకూ పన్ను తీసేస్తే మిగిలేది సరిగ్గా పది లక్షలే. అంటే ఇనుము, పని, సదుపాయాలు రెండింటిలోనూ ఒకే ఖరీదువి. తేడా రెండు లక్షల 20 వేలూ పన్నుదే. అయిదుగురున్న ఇంటికి చిన్న కారు సరిపోతే ఆ డబ్బు మిగుల్చుకోవడం తెలివైన పని. ఏడుగురున్న ఇల్లయితే డిక్కీలో ఏం పడుతుందో ఒకసారి పెట్టెలతో సహా సర్ది చూసి, ఆ తర్వాతే రాయితీకి మొగ్గడం మంచిది. పన్ను మనకు సైజు సూచించవచ్చు, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టవలసింది మాత్రం మనమే. ప్రభుత్వం కూడా రేట్లను మళ్లీ సవరించేటప్పుడు శాతం ఎంత అన్న ఒక్క ప్రశ్నతో ఆగకుండా, గీత దాటిన మొదటి మిల్లీమీటరు ఖరీదెంత అని కూడా అడగాలి. ఆ ఖరీదు లక్షల్లో ఉన్నంతకాలం మన కార్ల కొలతలు ఇంజనీర్ల చేతిలో కంటే పన్ను పట్టికల చేతిలోనే ఎక్కువగా ఉంటాయి.